పక్కింటి బీరువా మోగకుండా వూఫర్ పెట్టడం: నా అనుభవం

వైర్‌లెస్ సబ్‌వూఫర్ అంటే ఇంట్లో ఎక్కడైనా పెట్టుకోవచ్చని షాపులో చెబుతారు. దానికి లేనిది సౌండ్‌బార్ నుంచి వచ్చే తీగ ఒక్కటే. కరెంటు తీగ మామూలుగానే ఉంటుంది. వెనక పెట్టే రెండు చిన్న స్పీకర్లకూ అంతే, మా సెట్‌లో అయితే ఒక్కోదానికి ఒక్కో ప్లగ్ కావాలి. అందుకే చాలా ఇళ్లలో వూఫర్ ఎక్కడ ఉండాలో ప్లగ్ పాయింటే తేలుస్తుంది. మా ఇంట్లోనూ బిగించడానికి వచ్చిన కుర్రాడు టీవీ పక్కన మూలలో స్విచ్‌బోర్డు చూసి, అక్కడే పెట్టి వెళ్లిపోయాడు. బేస్ గుమ్మని వచ్చింది. అందరం సంతోషించాం.

మేముండేది బెంగళూరులో, మారతహళ్లి దగ్గర, నాలుగంతస్తుల అద్దె ఫ్లాట్‌లో. ఒక్కో అంతస్తుకు రెండే ఇళ్లు, ఒకే ప్లాన్‌ను తిరగేసి కట్టినవి. మా హాలు 16 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. టీవీ ఉన్నది పొడవాటి గోడకు, సోఫా దాని ఎదురుగోడకు. టీవీ గోడ అవతల పక్కింటివాళ్ల బెడ్‌రూమ్. మధ్యలో ఉన్నది నాలుగంగుళాల సిమెంటు బ్లాకుల గోడ, దానికి రెండు వైపులా ప్లాస్టరింగ్.

పక్కింట్లో ఉండే అంకుల్‌ది అనంతపురం, రిటైరై కొడుకు దగ్గర ఉంటున్నారు. ఒక ఆదివారం సాయంత్రం తలుపు దగ్గర నిలబడి, "బాబూ, సౌండు తగ్గించమని రాలేదు. మాటలు మాకేం వినపడవు. మీరు టీవీ పెట్టినప్పుడల్లా మా బీరువా మోగుతోంది, అది చెబుదామని వచ్చా" అన్నారు. వెళ్లి చూస్తే నిజమే. ఉమ్మడి గోడకు ఆనించి పెట్టిన ఇనుప బీరువా. మా టీవీలో ఏదో యాక్షన్ సీన్ నడుస్తోంది. డైలాగు ఒక్క ముక్క కూడా వినపడలేదు. కానీ బీరువా తలుపు మాత్రం జర్ర్‌మని వణుకుతోంది.

ఆయన చెప్పిన ఆ రెండు ముక్కల్లోనే సమస్య అంతా ఉంది. గోడ శబ్దాన్ని ఆపేది ముఖ్యంగా తన బరువుతో. అదే గోడకు ఎక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దాన్ని ఆపడం తేలిక, తక్కువ ఫ్రీక్వెన్సీది కష్టం. స్థూలంగా లెక్క ఏమిటంటే, ఫ్రీక్వెన్సీ సగానికి దిగిన ప్రతిసారీ గోడ ఆపగలిగేది ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. మాట స్పష్టంగా అర్థం కావడానికి కావలసిన ధ్వనులు 500 హెర్ట్జ్ పైన ఎక్కువ. వూఫర్ పనిచేసేది 40 నుంచి 150 దాకా. అంటే మాటలను బాగానే ఆపిన గోడ, అదే వాల్యూమ్‌లో వచ్చే బేస్‌కు సగం తెరిచిన తలుపు లాంటిదే. గోడకు ఫోమ్ షీట్లు అతికిస్తే తగ్గుతుందని ఒక ఆఫీసు మిత్రుడు చెప్పాడు. ఆ ఫోమ్ గదిలో ప్రతిధ్వనిని తగ్గిస్తుంది, నిజమే. కానీ 50 హెర్ట్జ్ అల పొడవు దాదాపు ఏడు మీటర్లు. రెండంగుళాల ఫోమ్‌ను అది లెక్కచేయదు.

అంకుల్ వాళ్లబ్బాయి ఫోన్లో సౌండ్ మీటర్ యాప్ పెట్టి చూపించాడు. అంకె చాలా తక్కువ. "మరి ఇంత తక్కువ చూపిస్తోందేంటి అన్నా?" అన్నాడు. ఆ యాప్‌లు మామూలుగా కొలిచేది డీబీ(ఏ)లో. మన చెవి తక్కువ ఫ్రీక్వెన్సీలను అంత బాగా పట్టుకోదు కాబట్టి, ఆ లెక్కలో వాటికి కోత వేస్తారు. 50 హెర్ట్జ్ దగ్గర ఆ కోత 30 డెసిబెల్స్. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు కూడా ఇళ్లుండే ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 అని డీబీ(ఏ)లోనే హద్దు పెట్టాయి, రాత్రి అంటే పది నుంచి ఆరు వరకు. కాగితం మీద మేము తప్పు చేయనట్టే. బీరువా మాత్రం మోగుతూనే ఉంది. అందుకని యాప్‌ను పక్కనపెట్టి అంకుల్ చెవినీ, బీరువానూ కొలమానంగా పెట్టుకున్నాం.

ఇది నేను అందరికీ చెప్పే పద్ధతి. వూఫర్‌ను జరపడానికి ముందు ఏ స్వరం అవతలికి పోతోందో తెలుసుకోవాలి. ఫోన్లో టోన్ జెనరేటర్ యాప్ ఒకటి వేసుకుని, బ్లూటూత్‌లో సౌండ్‌బార్‌కు కలిపాను. వాల్యూమ్ మేము సినిమా చూసే అంకె దగ్గరే ఉంచి, ఒక్కో ఫ్రీక్వెన్సీని కొన్ని సెకన్లు మోగించాను. అంతకన్నా ఎక్కువసేపు మోగించకూడదు, ఒకే స్వరాన్ని గట్టిగా అలా వదిలేస్తే వూఫర్ కాయిల్ వేడెక్కుతుంది. అంకుల్ బెడ్‌రూమ్‌లో మంచం మీద కూర్చుని నాకు ఫోన్‌లో చెబుతూ వచ్చారు. 30 దగ్గర ఏమీ లేదు. అసలు మా వూఫర్‌కే అంత కిందికి దిగే ఓపిక లేదు. 40 దగ్గర "ఏదో దూరంగా లారీ పోతున్నట్టుంది" అన్నారు. 50కి రాగానే "ఆ, ఇదే, ఇదే!" అని కేక. 63కి సగానికి సగం తగ్గింది. 80, 100 ఉన్నాయంటే ఉన్నాయి.

50 దగ్గరే ఎందుకు? గదికి ఎదురెదురుగా ఉండే రెండు గోడల మధ్య దూరాన్ని బట్టి ఒక స్వరం అందులో నిలబడిపోతుంది. లెక్క చిన్నదే. శబ్ద వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు, దాన్ని గోడల మధ్య దూరానికి రెట్టింపుతో భాగించాలి. మా హాలు వెడల్పు 11 అడుగులు, అంటే 3.35 మీటర్లు. 343ని 6.7తో భాగిస్తే 51 హెర్ట్జ్. అంకుల్ బెడ్‌రూమ్ కూడా ఆ దిక్కున 11 అడుగులే. మా హాలు ఏ స్వరాన్ని పెంచి పంపుతోందో, గోడ అవతల వాళ్ల గది సరిగ్గా అదే స్వరాన్ని మళ్లీ పెంచుతోంది. ఒకే ప్లాన్‌తో కట్టిన ఫ్లాట్లలో ఈ గొడవ ఎక్కువగా ఉండటానికి ఇదొక కారణం.

ఇలా నిలబడిన స్వరానికి ఒత్తిడి గోడల దగ్గర ఎక్కువ, సరిగ్గా మధ్యలో దాదాపు సున్నా. వూఫర్‌ను గోడకు ఆనించి పెడితే ఆ స్వరాన్ని పూర్తి బలంతో రేపుతుంది. మూలలో పెడితే పొడవు, వెడల్పు రెండు దిక్కుల స్వరాలనూ రేపుతుంది. మూలలో బేస్ బాగుందనిపించేది అందుకే. గోడ నుంచి మధ్యకు జరిపేకొద్దీ ఆ బలం తగ్గుతుంది. అలాగని హాలు నడిమధ్యలో వూఫర్ పెట్టుకుని ఎవరూ కాపురం చేయలేరు కదా.

వూఫర్‌కు చోటు వెతకడానికి బాగా తెలిసిన పద్ధతి ఒకటుంది. వూఫర్‌నే సోఫాలో మనం కూర్చునే చోట పెట్టి, బేస్ ఎక్కువున్న పాట మోగిస్తూ, గది అంచుల వెంట మోకాళ్ల మీద పాకుతూ వినడం. ఎక్కడ బేస్ సమంగా, ముద్దగా కాకుండా వినిపిస్తే వూఫర్‌ను అక్కడ పెట్టాలి. పద్ధతి మంచిదే. మా ఆవిడ దాన్ని వీడియో తీసి వాళ్ల అన్నయ్యకు పంపిందన్నది వేరే విషయం. అయితే అది మనకు ఎక్కడ బాగుంటుందో మాత్రమే చెబుతుంది, గోడ అవతలివాళ్లకు ఎక్కడ బాగుంటుందో చెప్పదు. అలా పాకినప్పుడు నాకు మూడు చోట్లు బాగున్నాయి. ఒకటి టీవీ గోడకే, మూలకూ టీవీ యూనిట్‌కూ మధ్యలో. అది ఉమ్మడి గోడ కాబట్టి వదిలేశాను. రెండోది బాల్కనీ తలుపు పక్కన. అక్కడ స్లైడింగ్ అద్దం గలగలమంది. మూడోది సోఫా కుడిచేతి వైపు, నేల మీద, సోఫా ముందు అంచుకు సమంగా.

ఆ మూడో చోటులో రెండు లాభాలు కలిసొచ్చాయి. సోఫా ముందు అంచు వెనక గోడ నుంచి దాదాపు మూడున్నర అడుగులు ఉంటుంది. 11 అడుగుల వెడల్పులో అక్కడ ఆ 51 హెర్ట్జ్‌ను రేపే బలం గోడ దగ్గర ఉన్నదానిలో సుమారు సగమే. రెండోది ఇంకా పెద్దది. మూలలో ఉన్నప్పుడు వూఫర్ నా చెవికి తొమ్మిది అడుగుల దూరంలో ఉండేది, ఇప్పుడు రెండు అడుగుల్లో ఉంది. బయట మైదానంలో అయితే ఆ తేడాకే 13 డెసిబెల్స్ దాకా లాభం ఉంటుంది. గదిలో గోడల ప్రతిధ్వని కలిసిపోతుంది కాబట్టి అంత రాదు, కానీ బాగానే వస్తుంది. రిమోట్‌లో వూఫర్ లెవెల్‌ను 0 నుంచి -4కి దించినా నాకు బేస్ మునుపటంతే అనిపించింది. నా చెవికి తగ్గలేదు, గోడకు తగ్గింది. మళ్లీ 50 హెర్ట్జ్ మోగించి అంకుల్‌ను అడిగితే, "బీరువా మోగట్లేదు. చెవి పెట్టి వింటే ఏదో ఉంది" అన్నారు. ఆ బీరువాను గోడ నుంచి రెండంగుళాలు జరిపి, తలుపు సందులో మడిచిన అట్టముక్క ఒకటి పెట్టాం. శబ్దం కన్నా, శబ్దానికి వణికే వస్తువే మనుషులను ఎక్కువ విసిగిస్తుంది. మన వైపు వూఫర్ ఎంత సర్దినా, అవతల వదులుగా ఉన్న తలుపు ఒకటుంటే చాలు.

దగ్గర పెట్టుకోవడంలో ఒక ఇబ్బంది ఉంది, అది ఎవరూ ముందుగా చెప్పరు. సౌండ్‌బార్‌లో ఉండేవి చిన్న స్పీకర్లు. అవి బేస్ దగ్గరకు దిగలేవు కాబట్టి 150 హెర్ట్జ్ చుట్టుపక్కల నుంచి కిందిదంతా వూఫర్ మీదకు తోసేస్తారు, కొన్ని సెట్లలో ఇంకా పైనుంచే. మగవాళ్ల గొంతులో అడుగు స్వరం 85 నుంచి 155 మధ్య ఉంటుంది. దాంతో వార్తలు చదివే ఆయన ముఖం టీవీలో ఉంటే, గొంతులో సగం నా మోచేతి పక్కన నేల మీద నుంచి వచ్చింది. 80 హెర్ట్జ్ కింద ఉన్న శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో చెవి పెద్దగా పోల్చుకోలేదు, పైకి పోయేకొద్దీ పోల్చుకుంటుంది. హోమ్ థియేటర్ ఆంప్లిఫయర్‌లో ఆ హద్దును మనమే 80కి మార్చుకోవచ్చు. సౌండ్‌బార్‌లో సాధారణంగా ఆ సౌకర్యం ఇవ్వరు. నేను చేసింది ఇదే. వూఫర్‌ను టీవీ వైపు ఒక అడుగు ముందుకు జరిపాను, కోన్ ఉన్న ముఖాన్ని నా వైపు కాకుండా సోఫా పక్క గుడ్డకు తిప్పాను, లెవెల్ ఇంకో మెట్టు దించి -5కి తెచ్చాను. గొంతు తిరిగి టీవీ దగ్గరకు పోయింది. అలా ముందుకు జరపడం వల్ల అది గది మధ్యకు ఇంకాస్త దగ్గరైంది, అదీ మంచికే. సోఫా వెనక పెట్టుకుంటే అవతలికి ఇంకా తక్కువ పోతుందని కొందరు చేస్తారు. సౌండ్‌బార్‌తో వచ్చే వూఫర్‌కు నేను దాన్ని సిఫారసు చేయను, గొంతులు వెనక్కి పోతాయి.

పక్కింటి సంగతి తేలాక కింది ఇల్లు. కింద హాసన్ నుంచి వచ్చిన దంపతులు, చంటిపాపతో. వాళ్లు ఏమీ అనలేదు, అయినా వూఫర్ ఇప్పుడు వాళ్ల హాలు నెత్తిమీదకు వచ్చింది కాబట్టి అడిగాం. కిందికి పోయే శబ్దం రెండు దారుల్లో పోతుంది. గాలిలో పుట్టి శ్లాబును కదిపేది ఒకటి, వూఫర్ పెట్టె కాళ్ల ద్వారా నేరుగా నేలకు ఎక్కే వణుకు ఒకటి. రబ్బరు ప్యాడ్లు రెండోదానికే పనికొస్తాయి. ఏది ఎక్కువో తెలుసుకోవడానికి ప్యాడ్లు కొనక్కర్లేదు. వూఫర్ కింద ఒక మందపాటి దిండు పెట్టి అదే ముక్క మళ్లీ మోగిస్తే చాలు. దిండుతో కింద బాగా తగ్గితే దోషం కాళ్లది. ఏమీ తేడా లేకపోతే గాలిది, అప్పుడు లెవెల్ దించడం తప్ప మార్గం లేదు. కోన్ కిందికి చూసే రకం వూఫర్‌కు మాత్రం ఈ పరీక్ష చేయకూడదు, దిండు దాని నోరు మూసేస్తుంది. మాది పక్కకు చూసే రకం. ఆ అమ్మాయి తన తెలుగు, నా కన్నడ కలిపి చెప్పింది, దిండుతో ఆ దడదడ పోయి వట్టి మూలుగే మిగిలిందని. అంటే చాలావరకు కాళ్లదే. వాషింగ్ మెషీన్ కింద పెట్టే రబ్బరు ప్యాడ్లు నాలుగు తెచ్చి, వాటి మీద వంటగట్టు వేసినప్పుడు మిగిలిన గ్రానైట్ ముక్క, దాని మీద వూఫర్ పెట్టాను. మెత్తటి రబ్బరు మీద బరువు ఉంటేనే అది వణుకును మింగుతుంది. తేలికైన పెట్టెను గట్టి రబ్బరు మీద పెడితే పెద్దగా ఉపయోగం ఉండదు.

వెనక స్పీకర్ల గురించి అంత చెప్పాల్సింది లేదు. వాటిలో బేస్ దాదాపు ఉండదు, ఉన్న శబ్దాన్ని గోడ ఆపుతుంది. ఇబ్బంది పొరుగువాళ్లతో కాదు, సోఫాతో. కూర్చున్న మనిషికి ఎదురుగా టీవీని సున్నా అనుకుంటే, వెనక స్పీకర్లు రెండు పక్కలా 110 నుంచి 120 డిగ్రీల దగ్గర, అంటే చెవులకు కొంచెం వెనగ్గా ఉండాలి. సోఫా గోడకు ఆనించి ఉంటే వెనక అనే చోటే ఉండదు. సోఫాను ఒక అడుగు ముందుకు లాగాం. తల గోడకు దూరమైనందుకు, గోడ దగ్గర పేరుకునే ఆ 51 హెర్ట్జ్ ముద్ద కూడా తగ్గింది. ఓనరు గోడకు మేకు కూడా కొట్టనివ్వరు, అడ్వాన్సులో కోస్తారని టెన్షన్. అందుకని స్పీకర్లను గోడకు బిగించకుండా స్టాండ్ల మీద, నేల నుంచి నాలుగు అడుగుల ఎత్తులో పెట్టాను. కూర్చున్నప్పుడు చెవి మూడున్నర అడుగుల దగ్గర ఉంటుంది, కాస్త పైన ఉంటే పక్కన కూర్చున్నవాళ్ల తల అడ్డు రాదు. ఎడమ స్పీకర్‌కు చోటు చాలక అది నా చెవికి మరీ దగ్గరైంది. రిమోట్‌లో రెండింటికీ కలిపి ఒకటే లెవెల్ ఉంది. కాబట్టి దగ్గరిదాన్ని నా వైపు కాకుండా వెనక గోడ వైపు తిప్పాను. శబ్దం గోడకు తగిలి చుట్టుకుని రావడంతో అది దూరంగా ఉన్నట్టే వినిపిస్తోంది.

ఇక వైర్‌లెస్ సంగతి. వూఫర్‌ను జరిపిన చోట పక్కనే చిన్న బల్ల మీద వైఫై రూటర్ ఉంది. మధ్యమధ్యలో బేస్ అర క్షణం పోయి మళ్లీ వచ్చేది, వూఫర్ వెనక లైటు మిణుకుమనేది. లైటు నిలకడగా వెలుగుతూ బేస్ రాకపోతే లెవెల్ సంగతి చూడాలి, మిణుకుతుంటే లింకు సంగతి చూడాలి. రూటర్‌ను హాలు ఆ చివరకు మార్చాక ఆగిపోయింది.

రాత్రి పదయ్యాక వేరే లెక్క. పగలు ఔటర్ రింగ్ రోడ్డు రొద కింద మా బేస్ కొంత కలిసిపోతుంది, రాత్రి ఆ దుప్పటి ఉండదు. పగలు అంకుల్‌కు వినపడనిది రాత్రి అదే అంకె దగ్గర వినపడుతుంది. అందుకే పరీక్ష రాత్రి పూట కూడా ఒకసారి చేయాలి. పదయ్యాక నైట్ మోడ్ వేస్తాను. అది పెద్ద శబ్దాలను నొక్కి చిన్నవాటిని లేపుతుంది, బాంబు పేలినప్పుడు రిమోట్ కోసం వెతుక్కునే పని ఉండదు. వూఫర్‌ను అట్టడుగుకు దించి, మాటల లెవెల్ రెండు మెట్లు పెంచుతాను. అప్పుడు వెనక స్పీకర్లు మాత్రం మామూలుగానే ఉంచుకోవచ్చు. చుట్టూ ఉన్న అనుభూతి చాలావరకు వాటిదే, అవి ఎవరి నిద్రా చెడగొట్టవు.

ఇంత చేసినా 40 హెర్ట్జ్ దగ్గర లాంగ్ నోట్ ఉండే సినిమాలు కొన్ని ఉంటాయి, అవి ఇప్పటికీ అవతలికి పోతాయి. అలాంటిది చూసేటప్పుడు పగలే పెట్టుకుంటాం, ముందుగా అంకుల్‌కు ఒక మెసేజ్ పెడతాను. వూఫర్ నడిచే దారిలోకి కాస్త వచ్చిందని మా ఆవిడకు మాత్రం ఇంకా కోపమే. తడిబట్ట పెట్టేటప్పుడు తగలకుండా కరెంటు తీగను సోఫా అంచు వెంట టేపు వేసి అతికించాం, ప్యాడ్లు, గ్రానైటు వల్ల పెట్టె అడుగు కూడా తడికి అందకుండా పైనే ఉంటోంది.